కీ తప్పా, మనం చదివింది తప్పా? బీసీజీ మ్యాట్రిక్స్ మీద ఐదు గొడవలు

ఆదివారం గ్రూపు కోసం. స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్, మూడో మాక్ టెస్ట్. టెక్స్ట్‌బుక్, క్వశ్చన్ పేపర్, కీ మూడూ తెచ్చుకోండి. ఫోన్‌లో ఫొటో ఉంది కదా అని పుస్తకం ఇంట్లో వదిలి రావద్దు. బొమ్మ కింద సన్న అక్షరాల్లో ఉండే మాటలు ఫొటోలో కనపడవు, ఈసారి మనకు కావలసింది అవే.

ముందు ఒక చిన్న పని. పోయిన వారం నలభై నిమిషాలు కొట్లాడుకున్నాక తేలిందేమిటంటే, ఒకరి చేతిలో ఉన్నది సెట్ డి పేపరు, అందరం చూస్తున్నది సెట్ బి కీ. ప్రశ్నలు అవే, ఆప్షన్ల వరుసే వేరు. అందుకని కీలోని అక్షరం కాకుండా, ఆ అక్షరం దగ్గరున్న జవాబు మొత్తం రాసుకోండి. దాని పక్కనే పుస్తకంలోని వాక్యం, పేజీ నంబరు, ఎన్నో ఎడిషనో రాయండి. వాక్యం అంటే పూర్తి వాక్యం. సగం వాక్యం మనల్ని ఎలా ముంచిందో 21వ ప్రశ్న దగ్గర చూద్దాం.

14వ ప్రశ్న: ఇది నిజమైన తప్పే

మార్కెట్ ఏటా 14% పెరుగుతోంది. మన కంపెనీ వాటా 24%. పోటీదారుల వాటాలు 30%, 12%, 8%. ఈ వ్యాపారం ఏ గడిలో పడుతుంది? కీ ప్రకారం స్టార్.

పుస్తకం అడిగేది మార్కెట్ వాటాను కాదు, సాపేక్ష మార్కెట్ వాటాను. అంటే మన వాటాను అందరికంటే పెద్ద పోటీదారు వాటాతో భాగించాలి. 24 ÷ 30 = 0.8. గీత 1.0 దగ్గర ఉంటుంది కాబట్టి మనది తక్కువ వాటా వైపే. పెరుగుదల 10% పైన ఉంది. వెరసి క్వశ్చన్ మార్క్.

మరి కీకి స్టార్ ఎలా వచ్చింది? ఇది కనుక్కోకుండా 'కీ తప్పు' అని రాయొద్దు. వివరణ చూస్తే 'వాటా 24%, ఇది ఎక్కువ' అని ఉంది. అంటే అసలు భాగించనే లేదు. నిర్వచనం దగ్గరే పుస్తకంతో తెగతెంపులు చేసుకున్నారు, కాబట్టి ఇది అభ్యంతరం పెట్టదగ్గదే.

ఇలాంటి లెక్కలకు ఒక చిట్కా: ఒకే మార్కెట్లో సాపేక్ష వాటా 1.0 దాటేది ఒక్క కంపెనీకే, అది మొదటి స్థానంలో ఉన్నదానికే. ఒకే మార్కెట్లోని రెండు కంపెనీలను కీ స్టార్లు అంటే, 1.0 గీత ప్రకారం కనీసం ఒకటి తప్పు. క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

17వ ప్రశ్న: కీ తప్పు కాదు, బొమ్మ తిరగబడింది

'కుడివైపు పై గడి ఏది?' కీ: క్వశ్చన్ మార్క్. మనలో ముగ్గురు స్టార్ అన్నారు. ముగ్గురివీ ఒకే నోట్సు. అందులో ఎక్కువ వాటాను కుడివైపు పెట్టి బొమ్మ గీశారు. స్కూల్లో గ్రాఫ్ గీసిన అలవాటుకు అదే సహజంగా తోస్తుంది. బీసీజీ బొమ్మలో ఎక్కువ వాటా ఎడమన ఉంటుంది. మన టెక్స్ట్‌బుక్‌లోనూ అంతే. కాబట్టి స్టార్ పైన ఎడమన, క్యాష్ కౌ దాని కింద, క్వశ్చన్ మార్క్ పైన కుడివైపు, డాగ్ దాని కింద.

కీకి, పుస్తకానికి పేచీ లేదు. కాకపోతే బొమ్మ ఇవ్వకుండా దిక్కు అడగడం మంచి ప్రశ్న కాదని నా అభిప్రాయం. అది అభ్యంతరంగా నిలవదు, గొణుక్కోవడానికి మాత్రం పనికొస్తుంది.

21వ ప్రశ్న: సగం వాక్యం

'సంస్థలో ఇతర వ్యాపారాలకు నగదు సమకూర్చేది ఏది?' కీ: క్యాష్ కౌ. పుస్తకంలో 'స్టార్లు పెద్ద మొత్తంలో నగదు తెస్తాయి' అని స్పష్టంగా ఉంది కదా అని ఒకరు వేలు పెట్టి చూపించారు. ఉన్నమాట నిజమే. వేలు అక్కడ ఆగింది, వాక్యం ఆగలేదు: పెరుగుతున్న మార్కెట్లో వాటా నిలబెట్టుకోవడానికి అంతే మొత్తం మింగుతాయి అని కూడా ఉంది.

ఈ మ్యాట్రిక్స్ అంతా రెండు మాటల మీద నడుస్తుంది. వాటా నగదును తెస్తుంది, పెరుగుదల నగదును తింటుంది. వాటా ఎక్కువైతే ఖర్చు తగ్గి లాభం పెరుగుతుందన్నది మొదటిదాని వెనకున్న ఆలోచన. బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ 1960లలో ప్రచారంలోకి తెచ్చిన ఎక్స్‌పీరియన్స్ కర్వ్ నుంచి వచ్చిందది. స్టార్‌కు రాబడీ ఉంది, మేతా ఉంది. పాడి ఆవుకు పాలు ఎక్కువ, మేత తక్కువ. ప్రశ్న అడిగేది మిగులు గురించి. కీ సరైనదే.

26వ ప్రశ్న: 'ఎప్పుడూ' అన్న మాట

'డాగ్ వ్యాపారాలను ఎప్పుడూ వదిలించుకోవాలి.' తప్పా, ఒప్పా? కీ: ఒప్పు. పుస్తకం డాగ్‌కు రెండు దారులు ఇస్తుంది: పిండుకోవడం, వదిలించుకోవడం. దానికి ముందు 'సాధారణంగా' అని కూడా ఉంది. 'సాధారణంగా' వేరు, 'ఎప్పుడూ' వేరు. ఇది నిజమైన విరుద్ధతే.

ఇక్కడ ఒక తమాషా. ఈ మ్యాట్రిక్స్‌ను 1970లో జనంలోకి తెచ్చిన వ్యాసం బ్రూస్ హెండర్సన్‌ది. ఆయన ఈ గడిని డాగ్ అనలేదు, 'పెట్' అన్నారు. వాటి మీద ఆయనకు దయ తక్కువ. లెక్కల్లో లాభం కనపడినా వాటా నిలుపుకోవడానికే అది తిరిగి పోతుందని, అమ్ముకుంటే తప్ప విలువ లేదన్నట్టుగా రాశారు. అంటే కీ మన పుస్తకానికి దూరం, హెండర్సన్‌కు దగ్గర! అయినా పరీక్ష సిలబస్ మన పుస్తకానిదే కాబట్టి అభ్యంతరం పుస్తకం పేజీతోనే పెట్టాలి. హెండర్సన్‌ను లాగితే కేసు వాళ్ల వైపు మొగ్గుతుంది.

30వ ప్రశ్న: తేల్చలేం

మార్కెట్ పెరుగుదల 8%, మన వాటా 36%, మన తర్వాతివాడిది 24%. కీ: స్టార్. సాపేక్ష వాటా 36 ÷ 24 = 1.5, ఇందులో గొడవ లేదు. (మనమే మొదటి స్థానంలో ఉన్నప్పుడు రెండోవాడితో భాగించాలి. ఒకరు 36ని 36తోనే భాగించి 1 తెచ్చారు.) గొడవంతా 8% ఎక్కువా, తక్కువా అన్నదే. 10% గీత పెడితే ఇది క్యాష్ కౌ. కీ వివరణలో ఆర్థిక వ్యవస్థ పెరుగుదల 5% అనుకుని గీత అక్కడ గీశారు. ఆ 5% ప్రశ్నలో ఎక్కడా లేదు.

మన పుస్తకం 10%ని వాడుక అంటుందే గానీ నియమం అనదు. అందుకని 'కీ పుస్తకానికి విరుద్ధం' అని రాయలేం. 'గీత ఎక్కడో ప్రశ్నలో చెప్పలేదు' అని రాయగలం. ఈ రెండు అభ్యంతరాలూ ఒకటి కావు, కలిపి రాయొద్దు.

పంపబోయే కాగితం

ఆదివారం అందరూ ఒప్పుకుంటే కోచింగ్ వాళ్లకు ఇలా ఇద్దాం. పేజీ నంబర్లు ఎవరి ఎడిషన్‌వో ముందు సరిచూసి పక్కన రాద్దాం.

'14వ ప్రశ్న: కీలో స్టార్. టెక్స్ట్‌బుక్ నిర్వచనం ప్రకారం సాపేక్ష వాటా 24 ÷ 30 = 0.8, అంటే 1.0 కంటే తక్కువ. పెరుగుదల 14%. సరైన జవాబు క్వశ్చన్ మార్క్. 26వ ప్రశ్న: కీలో ఒప్పు. టెక్స్ట్‌బుక్ డాగ్ వ్యాపారాలకు పిండుకోవడం కూడా ఒక మార్గంగా ఇచ్చింది. సరైన జవాబు "తప్పు". 30వ ప్రశ్న: పెరుగుదలకు విభజన గీత ఇవ్వలేదు. మార్కు అందరికీ కలపాలని మనవి.'