విషయం: గడువు దాటిన రెండు ఇన్‌వాయిస్‌ల బకాయి రూ. 65,050

తేదీ: 18 జూన్ 2025

అకౌంట్స్ మేనేజర్ గారికి,

నమస్కారం. మా ప్రెస్‌లో మీ కంపెనీకి వేసిచ్చిన కేటలాగులు, ప్యాకింగ్ డబ్బాల బిల్లుల్లో ఇంకా రూ. 65,050 మాకు రావాల్సి ఉంది. వివరాలు ఇవి:

ఇన్‌వాయిస్ నం. 0418, తేదీ 7 ఏప్రిల్ 2025, కేటలాగులు. బిల్లు మొత్తం రూ. 48,600. మే 2న మీరు పంపిన రూ. 20,000 జమ చేసుకున్నాం. బాకీ రూ. 28,600. గడువు మే 7. నేటికి 42 రోజులు దాటింది.

ఇన్‌వాయిస్ నం. 0431, తేదీ 24 ఏప్రిల్ 2025, ప్యాకింగ్ డబ్బాలు. మొత్తం రూ. 36,450 రావాలి. గడువు మే 24. నేటికి 25 రోజులు దాటింది.

ఈ రెండింటి గురించి మే 28న మెయిల్ పంపాను, జవాబు రాలేదు. జూన్ 3న ఫోన్ చేస్తే, వచ్చే సోమవారం ట్రాన్స్‌ఫర్ అవుతుందని మీ ఆఫీసు నుంచి చెప్పారు. ఆ సోమవారం వెళ్లి ఇంకో సోమవారం కూడా వెళ్లింది. అందుకే ఈసారి రాతపూర్వకంగా అడుగుతున్నాను.

సరుకు విషయంలో పేచీ ఏమీ ఉన్నట్టు నాకు తెలియదు. డబ్బాల కట్టల్లో ఒకటి అంచు తడిసి వచ్చిందని మీ స్టోర్ వారు చెబితే, మర్నాడే కొత్త కట్ట పంపాం. డెలివరీ చలానా మీద "లెక్క సరిపోయింది" అని వారే పెన్నుతో రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేశారు. ఆ కాపీని, రెండు ఇన్‌వాయిస్‌లను దీనితో జతచేశాను. అయినా బిల్లులో ఎక్కడైనా తేడా కనిపిస్తే జూన్ 23లోపు మెయిల్‌లో రాయండి, సరిచూసి చెబుతాను.

దయచేసి జూన్ 27, శుక్రవారంలోపు మొత్తం బాకీ మా ఖాతాకు పంపండి. ఖాతా నంబరు ఇన్‌వాయిస్ అడుగున ఉంది, మారలేదు. గడువు దాటితే నెలకు 1.5 శాతం వడ్డీ అని మీరు సంతకం చేసిన కొటేషన్‌లోనే ఉంది. ఇప్పటిదాకా అది కలపలేదు. 27లోపు డబ్బు అందితే కలపను కూడా. దాటితే మాత్రం గడువు తేదీ నుంచి లెక్కగట్టి డెబిట్ నోట్ పంపాల్సి వస్తుంది.

మీ కొత్త లేబుళ్ల ఆర్డర్‌కు ప్లేట్లు సిద్ధంగా ఉన్నాయి. కాగితం మేం నగదు పెట్టి కొనాలి కాబట్టి, పాత బాకీ తీరాకే దాన్ని మెషిన్ ఎక్కించగలం. ఇది చెప్పడం నాకూ ఇబ్బందిగానే ఉంది.

మొత్తం ఒకేసారి కుదరకపోతే, 0418 బాకీ 27లోపు పంపి, రెండోది జూలై 10లోపు ఇస్తామని ఒక మెయిల్ పెట్టండి. అలాగైతే వడ్డీ అడగను, లేబుళ్లు కూడా మొదటి పేమెంట్ అందిన రోజే మొదలుపెడతాం.

ఈ ఉత్తరం చేరేలోపే మీరు డబ్బు పంపేసి ఉంటే, ట్రాన్సాక్షన్ నంబరు ఒక్కటి తెలియజేయండి, చాలు.

ఇట్లు,
ప్రొప్రైటర్

జతపరచినవి: ఇన్‌వాయిస్‌లు 0418, 0431, డెలివరీ చలానా కాపీ