యాభై భోజనాల పనసపొట్టు

పైడిరాజు జేబులోని కాగితం మీద రెండు వరుసలున్నాయి. ఎడమ పక్క వాళ్లమ్మ ఐదుగురికి వండే లెక్క, కుడి పక్క దానికి పదింతలు. పనసపొట్టు అరకిలో, 5 కిలోలు. చింతపండు 30 గ్రాములు, 300. ఆవాలు 8, 80. ఉప్పు 10, 100. పచ్చిమిరపకాయలు 6, 60. నూనె 50 మిల్లీలీటర్లు, అర లీటరు.

వాళ్లమ్మ నోట గ్రాములు ఎప్పుడూ రాలేదు. నిమ్మకాయంత చింతపండు, అరచేతి గుంటలో పట్టినన్ని ఆవాలు అంటుంది. అవి హోటల్లో పనికిరావని, ఆవిడ తీసిన ప్రతిదాన్నీ పొట్లం కట్టించుకుని గజపతినగరంలో తెలిసిన కిరాణా కొట్టుకెళ్లి కాటా మీద తూయించాడు. కొట్టాయన నవ్వాడు, కానీ తూచిపెట్టాడు.

విజయనగరం గంటస్తంభం నుంచి నాలుగడుగులు వేస్తే వచ్చే భోజన హోటలు అది. మధ్యాహ్నం కోర్టు గుమాస్తాలు, బట్టల కొట్ల వాళ్లు, ఊళ్ల నుంచి పని మీద వచ్చినవాళ్లు వస్తారు. పెళ్లిళ్ల వంట గ్యాంగులో కూరలు తరిగిన కుర్రాణ్ణి ఓనరు ఒకే ఒక్క ప్రశ్న అడిగి పనిలో పెట్టుకున్నాడు: "మీ ఇంట్లో ఏం బాగా చేస్తారు?" పనసపొట్టు ఆవ కూర అన్నాడు పైడిరాజు. "అయితే యాభై భోజనాలకి చెయ్యి. బయట బోర్డు మీద రాయిస్తాను" అన్నాడాయన. రాయించేశాడు కూడా. పైడిరాజు వచ్చేసరికే 'ఈరోజు స్పెషల్' కింద సుద్దతో పెద్ద అక్షరాలున్నాయి. ఇక కాదనడానికి లేదు.

పొట్టు బాగానే దొరికింది. మార్కెట్లో చేతులకి, కత్తికి నూనె రాసుకుని లేత కాయల్ని సన్నగా కొట్టే ఆడవాళ్ల దగ్గరే తీసుకున్నాడు. మిషన్లో వేసిన పొట్టు అయితే ఉడికేసరికి ముద్దయిపోతుంది, ఆ సంగతి గ్యాంగులో ఉన్నప్పుడే చూశాడు.

వంటగదిలో పెద్ద సింహాచలం మాస్టారు. మూడొందల మందికి సాంబారు కంటి లెక్కన దించేస్తాడు. కాగితం చూసి చెయ్యి చాచాడు.

"ఏటిరా అది?"

"లెక్కండి మాస్టారూ. యాభైకి."

మాస్టారు కళ్లజోడు నుదుటి మీదకి తోసి, కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. "అరలీటరు నూనె ఏటి? కూరకా, దీపాలకా?"

"పదింతలు వేశానండి."

"బాండీ పదింతలుందా? అడుగు తడవడానికే కదా నూనె. మూడొందలు పోసి చూడు, చాలకపోతే సీసా ఎక్కడికీ పోదు. మిరపకాయలు నలభై చాలు. ఉప్పు డెబ్భై వేసి నాలిక మీద పెట్టుకో. పొట్టు ఉడికించే నీళ్లలో కూడా వేస్తావు కదా, అదేదీ ఇక్కడ?"

లేదు. ఉడికించే నీళ్లలో వాళ్లమ్మ వేసే చిటికెడు పసుపు, ఉప్పు తూకానికి రాలేదు కాబట్టి కాగితంలోకీ రాలేదు. పైడిరాజు పెన్ను తీసి రాసుకున్నాడు.

"చింతపండు మటుకు నీ లెక్కే ఉంచు. రసం అంతా ఒకేసారి పొయ్యకు" అని మాస్టారు సాంబారు గుండిగ దగ్గరికి వెళ్లిపోయాడు. నేర్పడం ఆయనకి సరదా కాదు. తన పొయ్యి ఖాళీ అవ్వాలి, అంతే.

ఉడికించడంతో మొదలైంది అసలు టెన్షన్. ఇంట్లో అయితే పొట్టు పావుగంటలో మెత్తబడుతుంది. ఇక్కడ ఐదు కిలోలు ఒకేసారి గుండిగలో పడేసరికి మరుగుతున్న నీళ్లు కాస్తా చల్లారి కూర్చున్నాయి. మళ్లీ తెర్లడానికే ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోగా అడుగున ఉన్నది ఉడికింది, పైనున్నది పచ్చిగానే ఉంది. పొడుగాటి గరిటెతో కింది నుంచి పైకి తిప్పుతూ నిలబడ్డాడు. పప్పు చేసే అప్పన్న "ఇలగ తిప్పితే పీచు విడిపోద్దిరా" అని ఓ మాట విసిరాడు. నిజమే. తిప్పడం మానేసి మూత పెట్టాడు.

పిండడం ఇంకో గొడవ. వాళ్లమ్మ రెండు చేతుల మధ్య పెట్టి నీళ్లు పిండేస్తుంది. ఐదు కిలోలు అలా పిండితే మధ్యాహ్నం భోజనాలు రాత్రికి పెట్టాలి. పలచటి గుడ్డలో మూటకట్టి, జల్లిగిన్నెలో పెట్టి, పైన బియ్యం డబ్బా మూత పెట్టి, దాని మీద రుబ్బురోలు పొత్రం ఎక్కించాడు. నీళ్లు వాటంతటవే దిగిపోయాయి. చూస్తున్న అప్పన్న ఈసారి ఏమీ అనలేదు.

పోపు దగ్గర కాగితంలో రాసి ఉన్నవాటికి మాస్టారి సవరణలు కలిపి వేశాడు. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరప, జీడిపప్పు, ఇంగువ, కరివేపాకు. మూడొందల నూనె సరిపోయింది. కానీ పొట్టంతా ఒక్క బాండీలో గుమ్మరించి కలపబోతే వేగాల్సింది ఆవిరికి ఉడుకుతోంది. ఇంట్లో పొట్టు పలచగా పరుచుకుంటుంది, ప్రతి పోగూ వేడి తగిలి పొడిపొడిగా వస్తుంది. ఇక్కడ జానెడు మందాన ఉంది. సగం తీసి పక్క పళ్లెంలో పెట్టాడు, సగం వేయించాడు, దింపాడు, తర్వాత మిగతాది. రెండు విడతలకీ కలిపి పావుగంట ఎక్కువ పట్టింది గానీ పొట్టు విడివిడిగా వచ్చింది. చింతపండు రసం మూడొంతులు పోసి రుచి చూశాడు. ఇంకొంచెం. తర్వాత ఉప్పు, అది డెబ్భై దగ్గర మొదలుపెట్టి ఎనభై ఐదు దగ్గర ఆగింది.

పదకొండున్నర అయింది. ఆవ ముద్ద తప్ప అంతా అయిపోయినట్టే.

ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, కాస్త ఉప్పు వేసి మిక్సీలో తిప్పాడు. హోటలు మిక్సీ గట్టిది, జారు నిండా వేసి అదే పనిగా తిప్పితే వేడెక్కి ఆవ చేదెక్కుతుందని భయమేసి ఆపి ఆపి, చన్నీళ్లు చిలకరిస్తూ రెండు సార్లుగా నూరాడు. మూత తియ్యగానే ఘాటు ముక్కులోంచి నడినెత్తికెక్కింది. అప్పన్న తుమ్మాడు. బాగానే ఉంది.

గిన్నె పట్టుకుని గుండిగ దగ్గరికెళ్లాడు. గరిటెతో ముద్ద తీసి పొట్టు మీద వెయ్యబోయాడు. ఇంకో చెయ్యి గుండిగ అంచుకి తగిలింది, చురుక్కుమంది.

ఆగాడు. దింపి అప్పటికే ఇరవై నిమిషాలైంది, మూత కూడా పెట్టలేదు. ఇంట్లో అమ్మ దాక దింపి పెరట్లోకెళ్లేది, ఆరేసిన బట్టలు తీసుకొచ్చేది, మడత పెట్టేది. తర్వాత దాక పక్కన అరచెయ్యి ఆనించి చూసేది. చెయ్యి ఓర్చుకోగలిగితేనే ఆవ కలిపేది. "ఏడి మీద ఏస్తే ఆవ సచ్చిపోద్ది నానా" అనేది. అప్పుడు అతని చూపు ఆవిడ చేతిలోని కాటాకెక్కే వస్తువుల మీదే ఉండేది. ఆ ఖాళీ సమయం తూకానికి రాలేదు.

ఐదు కిలోలు ఆ గుండిగలో చల్లారాలంటే గంట చాలదు. పన్నెండున్నరకి జనం వస్తారు.

"మాస్టారూ, పులిహోర కలిపే పళ్లేలు ఎక్కడున్నాయండి?"

"ఇప్పుడు పులిహోర ఎవడు చేస్తున్నాడు?"

"కూర ఆరబొయ్యాలండి."

మాస్టారు కాసేపు అతని మొహం చూశాడు. "అటక మీద. నాలుగుంటాయి. కడిగి వాడు, దుమ్ముంటాది."

నాలుగు పళ్లేల్లో పొట్టు వేలెడు మందాన పరిచాడు. ఫ్యాను కిందికి రెండు, గాలి వచ్చే వెనక గుమ్మం దగ్గర రెండు. ఫ్యాను కింద తన కుర్చీ పోయిందని క్యాషియరు గొణిగాడు, ఓనరు వచ్చి ఏమైందన్నాడు, ఎవరికీ జవాబు చెప్పే తీరిక పైడిరాజుకి లేదు. పది నిమిషాలకోసారి అరచెయ్యి ఆనించి చూస్తున్నాడు. పన్నెండుంబావుకి మొదటి పళ్లెం చేతికి ఓర్పుగా తగిలింది.

ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఆవ ముద్దంతా ఇప్పుడే కలిపేస్తే రెండు గంటలకి తినేవాడికి ఘాటు ఉండదు. రెండు పళ్లేలకి సరిపడా ముద్ద కలిపాడు, మిగతా ముద్ద మూతపెట్టి చల్లటి చోట ఉంచాడు. మిగిలిన రెండు పళ్లేలూ ఒంటిగంటకి.

మొదటి విస్తరి కోర్టు గుమాస్తాది. ఆయన కూర కలుపుకుని ముద్ద నోట్లో పెట్టాడు, కళ్లు మూశాడు, ముక్కు ఎగబీల్చాడు. "ఆవ బాగా పడిందోయ్" అని పక్కాయనతో అన్నాడు. పక్కాయన మారు వడ్డించమన్నాడు. ఇక్కడే పైడిరాజుకి కొత్త భయం పట్టుకుంది: ఇంట్లో మారు వడ్డనకి లెక్కుండదు, అమ్మ తన వాటా తగ్గించుకుంటుంది. ఇక్కడ ఎవరిది తగ్గించాలి? వడ్డించే కుర్రాడితో గరిటె మార్చమన్నాడు. పెద్ద గరిటె పోయి చిన్నది వచ్చింది. మారు అడిగినవాళ్లకి లేదనకుండా ఉండడానికి అదొక్కటే దారి.

రెండుంబావుకి కూర అయిపోయింది. యాభై అనుకున్నది యాభై మూడు విస్తళ్లకి సరిపోయింది. వంటవాళ్ల భోజనానికి మాత్రం మిగల్లేదు. అప్పన్న గిన్నె అడుగున వేలు పెట్టి నాకి, "మాకు లేకుండా సేసినావు కదరా" అన్నాడు.

ఓనరు వెనక గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఆదివారం కూడా చేద్దాం. ఎనభైకి. లెక్క చెయ్యగలవా?"

పైడిరాజు కాగితం తీశాడు. అప్పటికే చింతపండు మరకలు, కొట్టివేతలు, పక్కన గీతలు. కుడి వరుస పక్కన ఖాళీ వెతుక్కుని పెన్ను పెట్టబోయి, మాస్టారి వైపు తిరిగాడు.

"అటక మీద ఇంకో రెండు పళ్లేలు దొరుకుతాయా అండి?"

"దొరకవు" అన్నాడు మాస్టారు గుండిగ తోమించుకుంటూ. "రేపు పొద్దున్న ఓనరుగారితో కొనిపిద్దాం. ఆరు కొనమను, పులిహోరకీ పనికొస్తాయి."