జొన్నరొట్టె

సుజాతది మిర్యాలగూడ. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే చోట పెరిగిన పిల్లకు జొన్నరొట్టె తట్టడం ఎలా తెలుస్తుంది? మహబూబ్‌నగర్‌లో కాపురం పెట్టాక, ఆమె తట్టిన రొట్టె పెనం మీదికి చేరేలోపే ముక్కలయ్యేది. రమేశ్ ఆ ముక్కలనే మాట్లాడకుండా తిని ఆఫీసుకు వెళ్లిపోయేవాడు. అది కోపమో మొహమాటమో ఆమెకు అంతుపట్టేది కాదు. పెళ్లిచూపుల్లోనూ అంతే, పెద్దవాళ్లే మాట్లాడారు.

ఒక ఆదివారం అతడే వంటింట్లోకి వచ్చాడు.

"మరిగే నీళ్లు పోసి కలపాలి. జొన్నపిండికి జిగురు తక్కువ కదా" అంటూ పిండి మెదిపాడు. అమ్మ కూలికి వెళ్తే తమ్ముళ్లకు తనే రొట్టెలు చేసేవాడట. అంతసేపు అతడు మాట్లాడటం ఆమె వినడం అదే మొదలు. రొట్టెను గుండ్రంగా తట్టి, పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో అద్దాడు. చిరగలేదు.

"పచ్చిపులుసు కూడా వచ్చా మీకు?"

"నువ్వు చేసినంత బాగా రాదు. రోజూ చేయమని అడగాలంటేనే మొహమాటం."

"అడగండి."

మర్నాడు సాయంత్రం ఫోను చేశాడు. "ఈ రాత్రి పచ్చిపులుసు చేస్తావా? వచ్చేటప్పుడు ఉల్లిగడ్డలు తెస్తాను."

బుట్ట నిండా ఉల్లిగడ్డలు ఉన్నాయి. అయినా తెమ్మంది, త్వరగా రమ్మంది.