45 నిమిషాల పీరియడ్‌లో హారాలు వేరైన భిన్నాల కూడిక: కొత్త టీచర్లకు పాఠం నడక

ఉన్ముఖీకరణ, 4 నిమిషాలు. పిల్లలు కూర్చునేలోపే బోర్డు మీద ఇది రాసి ఉంచండి:

1/2 + 1/3 = 2/5

"ఇది ఒప్పా, తప్పా?" అని అడగండి. చాలామంది ఒప్పే అంటారు. అప్పుడు 1/2నీ 2/5నీ ఒకే పొడవున్న రెండు పట్టీల్లో రంగు వేసి చూపించండి. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గిందేమిటి? ఈ ప్రశ్న దగ్గరే ఆపండి, జవాబు చెప్పేయకండి. పాఠంతో సంబంధం లేని పొడుపుకథతో మొదలుపెడితే నవ్వులొస్తాయి గానీ, పాఠంలోకి దారి దొరకదు.

ప్రత్యక్ష బోధన, 10 నిమిషాలు. లెక్కలు రెండే: 1/2 + 1/3, 1/4 + 1/6. చేస్తున్నది మాత్రమే కాదు, ఎందుకు చేస్తున్నారో కూడా పైకి చెప్పండి: "ముక్కల సైజు వేరు, అందుకే కలపలేను. 2కీ 3కీ క.సా.గు. 6. హారాన్ని 3తో గుణించాను కాబట్టి లవాన్నీ 3తోనే గుణించాలి. 3/6 + 2/6 = 5/6." రెండో లెక్కకు క.సా.గు. 12, జవాబు 5/12. ఇక్కడ ప్రశ్నలు వేసి పిల్లల చేత ఊహింపజేయడం మొదలుపెట్టారో, పది నిమిషాలు ఇరవై అవుతాయి.

తోడుండి చేయించే అభ్యాసం, 16 నిమిషాలు. కొత్తవాళ్లు ఎక్కువగా ఎగ్గొట్టేది ఇదే. "అర్థమైందా?" అంటే తరగతంతా "ఆఁ" అంటుంది, ఆ "ఆఁ"ను నమ్మి నోటుబుక్కులు తీయమంటారు. మూడు లెక్కలు, సాయం తగ్గిస్తూ ఇవ్వండి. 2/3 + 1/4: ఒక్కో మెట్టూ పిల్లలు చెప్పాలి, మీరు రాయాలి. 1/5 + 1/2: జంటగా చేస్తారు. 3/8 + 1/4: ఎవరి పలక మీద వాళ్లు చేసి, ఒకేసారి పైకెత్తాలి.

పలకల మీద 1/4 కాస్తా 1/8 అయిపోయి, జవాబు 4/8 అని కనిపిస్తే, హారం మార్చి లవాన్ని మరిచారన్నమాట. మొత్తం పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు. పట్టీ గీసి, 1/4 అంటే 2/8 అని చూపించి, ఇంకో లెక్క ఇవ్వండి. 40 మందిలో 32 మందికి 5/8 వస్తేనే ముందుకు కదలండి. మిగిలిన ఎనిమిది మందినీ ముందు వరుసకు పిలవండి.

స్వతంత్ర అభ్యాసం, 12 నిమిషాలు. 1/3 + 1/5, 1/6 + 3/4, 2/5 + 1/4. కొత్త మెలికలు వద్దు, ఇంతకుముందు చేసిన రకమే. ముందు వరుస దగ్గర కూర్చోండి. మూడో నిమిషంలో ఒకసారి తరగతంతా తిరగండి. వేగంగా ముగించినవాళ్లకు: మొదట బోర్డు మీద రాసిన 1/2 + 1/3 = 2/5 ఎందుకు తప్పో ఒక వాక్యంలో రాయాలి.

ఆఖరి 3 నిమిషాలు జవాబులకు: 8/15, 11/12, 13/20. టైమ్ చాలకపోతే ఇక్కడ ఒక లెక్క తగ్గించండి, పలకల దగ్గర మాత్రం కోత పెట్టకండి.