అమ్మమ్మ పెట్టెలోని ఎర్ర రుమాలు

ఫొటోతో వచ్చిన ప్రశ్న: పెరంబూరులో మా అమ్మమ్మ పెట్టెలో ఈ గుడ్డ దొరికింది. చీరాల నుంచి తెచ్చుకున్నదని అమ్మ అంటుంది. బొమ్మల అంచులన్నీ చెదిరినట్టున్నాయి. అచ్చు వేసేటప్పుడు రంగు పాకిందా? కత్తిరించి దిండు గలీబులు కుట్టిద్దామనుకుంటున్నాను.

వివరణ:

దయచేసి కత్తెర పెట్టకండి. ఫొటోలో కనిపిస్తున్నంతవరకు ఇది తేలియా రుమాలు. చుట్టూ వెడల్పయిన ఎర్ర అంచు, లోపల గళ్లు, గడికొక బొమ్మ, ఎరుపు నలుపు తెలుపు తప్ప మరో రంగు లేకపోవడం, ఇవన్నీ దాని పోలికలే.

అంచులు చెదరడం లోపం కాదు. ఇది అద్దకం గుడ్డ కాదు, నేతకు ముందే నూలుకు రంగు వేసిన గుడ్డ. రంగు అంటకూడదనుకున్నచోట పడుగునూ పేకనూ రెండింటినీ బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, అప్పుడు మగ్గమెక్కిస్తారు. నేసేటప్పుడు రెండు దారాల గుర్తులూ ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగినా అంచు నురగలా చెదురుతుంది. మీ ఫొటోలో ఎడమవైపు రెండో గడిని పెద్దది చేసి చూడండి. ఎర్ర పడుగు, ఎర్ర పేక కలిసినచోట ముద్ద ఎరుపు ఉంది, ఎరుపు తెలుపు దాటుకున్నచోట గులాబి ఛాయ ఉంది. అచ్చు గుడ్డలో ఈ గులాబి ఛాయ ఇలా పడుగు పేకల వెంట రాదు.

ఇక ఆ గడిలోనిది గడియారం, దాని కిందిది విమానం. ఆశ్చర్యపోకండి. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో నేతగాళ్లు సింహాలు, ఏనుగులతోపాటు ఇలాంటి కొత్త వస్తువులనూ రుమాళ్లలో పెట్టారు. కంటితో చూసిన లోకాన్ని లెక్కపెట్టి దారంలోకి దింపిన వాళ్ల తెలివికి చేతులెత్తి మొక్కాలి.

తేలియా అన్న పేరు నూనె వల్ల వచ్చింది. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి ఎండబెడతారు. దాంతో దారం మెత్తబడి ఎర్రరంగును గట్టిగా పట్టుకుంటుంది. పాతకాలంలో ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది, తర్వాత అలిజరిన్ అనే రసాయన రంగు వచ్చింది. ఈ రుమాళ్లు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. ఇప్పుడు తెలంగాణలోని పుట్టపాక నేతగాళ్లు ఈ విద్యను నిలబెట్టారు, 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

వయసు, రంగు ఏదన్నది ఫొటోతో తేలదు. వెనుకవైపు, అంచు మడత దగ్గర పగటి వెలుగులో రెండు ఫొటోలు తీసి పంపండి. మడతల దగ్గర పాత నూనె వాసన వస్తుందేమో కూడా చూసి చెప్పండి. అంతవరకు ఉతకవద్దు, నలగనివ్వవద్దు, తెల్లని పాత నూలు గుడ్డలో చుట్టి ఉంచండి.