క్విక్‌సార్ట్ క్లాసు నుంచి ప్రశ్నలు: ఏమిచ్చి ఏం తెచ్చుకున్నాం?

బి.టెక్ రెండో సంవత్సరం, అల్గారిథమ్స్ ట్యుటోరియల్. ఇద్దరిద్దరుగా కూర్చుని రాయండి. శనివారం ట్యుటోరియల్ గంటలో ఒక్కో జంటను పిలిచి రెండు ప్రశ్నల మీద మాట్లాడిస్తాను.

మంగళవారం క్లాసులో 29, 14, 51, 8, 37, 22, 60, 33 బోర్డు మీద రాసి క్విక్‌సార్ట్ నడిపించాం. చివరి సంఖ్య 33 పివట్. ఎడమవైపు నాలుగు, కుడివైపు మూడు వచ్చాయి. ఆ స్టెప్పులు మీలో చాలామందికి వచ్చేశాయి, అందుకు సంతోషంగా ఉంది. అందుకే ఈ షీట్‌లో ఎక్కడా "స్టెప్పులు రాయండి" అని అడగలేదు. క్లాసులో నేను చెప్పిన ఒక్కో వాక్యం తీసుకుని, దాని వెనక ఉన్న బేరం ఏమిటో అడిగాను. ప్రతి జవాబులోనూ మూడు సంగతులు కనబడాలి: దేన్ని ఆదా చేశాం, దానికి బదులు ఏమిచ్చాం, ఎప్పుడు ఈ బేరం నష్టం అవుతుంది. మూడోది లేని జవాబుకు సగం మార్కులే ఇస్తాను. నిజమైన ప్రోగ్రాములో నిర్ణయం తీసుకోవాల్సి వచ్చేది అక్కడే.

ఒక ఉదాహరణ ఇస్తాను. ప్రశ్న: "చిన్న ముక్కలు వచ్చాక క్విక్‌సార్ట్ ఆపేసి ఇన్సర్షన్ సార్ట్ వాడతారు. ఎందుకు?"

పదికి మూడు మార్కులు వచ్చే జవాబు: "ఇన్సర్షన్ సార్ట్ ప్రతి అంశాన్ని దాని చోటికి జరుపుతుంది. చిన్న అర్రేలకు అది వేగం. దాని టైమ్ O(n²)." ఇందులో తప్పేమీ లేదు. కానీ O(n²) అయ్యుండి వేగం ఎలా అయిందో చెప్పలేదు.

తొమ్మిది వచ్చే జవాబు: "16 అంశాల ముక్కలో ఇన్సర్షన్ సార్ట్ సగటున 60 జరుపులు చేస్తుంది. అదే ముక్కను క్విక్‌సార్ట్‌కు వదిలితే పోలికలు కాస్త తగ్గవచ్చు, కానీ ఒకటీ రెండూ అంశాల దాకా ఫంక్షన్ కాల్స్ పెట్టాలి. ఆ కాల్స్ ఖర్చు O లెక్కలో కనబడదు, గడియారంలో కనబడుతుంది. ఆదా అయింది కాల్స్, ఇచ్చింది కొన్ని జరుపులు. ముక్క 1000 అంశాలైతే జరుపులు దాదాపు 2.5 లక్షలు అవుతాయి, n log2 n మాత్రం సుమారు 10,000. అక్కడ ఈ బేరం మునుగుతుంది."

రెండో జవాబులో కొత్త థియరీ ఏమీ లేదు. అంకెలు పెట్టారు, ఎక్కడ తిరగబడుతుందో చెప్పారు. అంతే తేడా.

ప్రశ్న 1. క్లాసులో అన్న మాట: "ఇన్‌పుట్ ముందే వరుసలో ఉంటే ఈ క్విక్‌సార్ట్‌కు కష్టం."

అవే ఎనిమిది సంఖ్యలు 8, 14, 22, 29, 33, 37, 51, 60 వరుసలో వచ్చాయనుకోండి. చివరిదే పివట్. మొత్తం 28 పోలికలు అవుతాయి. మనం చేసిన మెర్జ్ సార్ట్ ఇదే వరుస మీద 12 పోలికలతో ముగిస్తుంది. ఎలాంటి ఇన్‌పుట్ ఇచ్చినా 17 దాటదు.

అ) 28 ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క వాక్యంలో చెప్పండి. ఎనిమిదికి బదులు లక్ష ఉంటే ఎంత?
ఆ) మెర్జ్ సార్ట్ "17 దాటదు" అని ముందే హామీ ఇవ్వగలుగుతోంది, క్విక్‌సార్ట్ ఇవ్వలేకపోతోంది. రెండూ విడగొట్టేవే కదా. ఎక్కడ విడగొట్టాలో నిర్ణయించే పద్ధతిలో ఏ తేడా వల్ల ఇలా అయింది?
ఇ) ఆ హామీ కోసం మెర్జ్ సార్ట్ ఏం చెల్లిస్తోంది?

ప్రశ్న 2. క్లాసు అయ్యాక ఒకరు నోట్సులో ఇలా రాసుకున్నారు: "రాండమ్ పివట్ తీసుకుంటే వర్స్ట్ కేస్ పోతుంది." ఈ వాక్యం తప్పు, కానీ తప్పులో కొంత నిజముంది. పోయినదేమిటో, పోనిదేమిటో వేరుచేసి వాక్యాన్ని సరిగ్గా రాయండి. రాండమ్ నంబర్ల సీడ్ ఏమిటో ఇన్‌పుట్ ఇచ్చేవాడికి ముందే తెలిస్తే మీ జవాబు మారుతుందా?

ప్రశ్న 3. ఇది క్లాసులో నేను తొందరగా దాటేసిన చోటు. అందుకే ఇక్కడ ఎక్కువ సమయం పెట్టమని అడుగుతున్నాను.

బోర్డు మీద రాసిన పార్టిషన్ ఇది:

```python
def partition(a, lo, hi):
    p = a[hi]
    i = lo
    for j in range(lo, hi):
        if a[j] <= p:
            a[i], a[j] = a[j], a[i]
            i += 1
    a[i], a[hi] = a[hi], a[i]
    return i
```

ఒక యూనివర్సిటీలో 60,000 మంది మిడ్ పరీక్ష రాశారు. మార్కులు 0 నుంచి 30 వరకు, అంటే 31 వేర్వేరు విలువలే. జాబితా బాగా కలిపేసి ఉంది, పివట్‌ను కూడా రాండమ్‌గా ఎంచుకుని, పార్టిషన్‌కు ముందు చివరి చోటికి మారుస్తున్నాం. మామూలు లెక్క ప్రకారం "సగటు O(n log n), టెన్షన్ లేదు" అనిపిస్తుంది. n log2 n చూస్తే సుమారు 9.5 లక్షలు.

అ) ఒకే మార్కులు వచ్చిన ఏ ఇద్దరినైనా ఈ పార్టిషన్ కచ్చితంగా ఒకసారి పోలుస్తుంది. ఎందుకు? సూచన: సమానమైన రెండు అంశాలు ఒకే ముక్కలో ఉండగా, వాటిని విడదీయగలిగేది ఏది? `<=` గుర్తును గమనించండి.
ఆ) మార్కులు 31 విలువల మీద సమానంగా పంచుకున్నాయనుకుంటే ఒక్కో విలువకు దాదాపు 1935 మంది. ఒకే మార్కుల వాళ్ల మధ్య జరిగే పోలికలే సుమారు 5.8 కోట్లు అవుతాయని చూపించండి. నిజ జీవితంలో మార్కులు అలా సమానంగా పంచుకోవు, చాలామంది మధ్యలో గుమిగూడతారు. అప్పుడు ఈ సంఖ్య పెరుగుతుందా, తగ్గుతుందా?
ఇ) రాండమ్ పివట్ ఇక్కడ ఎందుకు కాపాడలేకపోయింది? ప్రశ్న 2లో మీరు సరిచేసిన వాక్యం ఈ ఉదాహరణకు కూడా నిలబడుతుందో లేదో చూడండి. నిలబడకపోతే మళ్లీ సరిచేయండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, ఈ ప్రశ్న పెట్టిందే అందుకు.
ఈ) రెండు మందులు ఉన్నాయి. ఒకటి, పివట్ కన్నా చిన్నవి, సమానమైనవి, పెద్దవి అని మూడు భాగాలు చేయడం. రెండు, 31 డబ్బాలు పెట్టి ఏ మార్కు ఎంతమందికి వచ్చిందో లెక్కపెట్టే కౌంటింగ్ సార్ట్. రెండోది ఇక్కడ O(n). మరి ప్రతిచోటా అదే వాడకూడదా? మార్కులకు బదులు పది అంకెల ఫోన్ నంబర్లు ఇస్తే ఏమవుతుందో లెక్కతో చెప్పండి.

ప్రశ్న 4. క్లాసులో అన్న మాట: "క్విక్‌సార్ట్‌కు అదనపు మెమరీ అక్కర్లేదు." ఈ మాట నేనే కొంచెం వదులుగా అన్నాను. సరిచేసే పని మీది.

అ) రికర్షన్ స్టాక్ కూడా మెమరీయే. ప్రశ్న 1లోని వరుస ఇన్‌పుట్ లక్ష అంశాలతో వస్తే ఎంత లోతుకు వెళ్తుంది?
ఆ) కింది మార్పు టైమ్‌ను ఏమీ బాగు చేయదు, లోతును మాత్రం log2 n దగ్గర ఆపుతుంది. రెండూ ఎలా నిజమో వివరించండి.

```python
def qsort(a, lo, hi):
    while lo < hi:
        m = partition(a, lo, hi)
        if m - lo < hi - m:
            qsort(a, lo, m - 1)
            lo = m + 1
        else:
            qsort(a, m + 1, hi)
            hi = m - 1
```

ఇ) ఒక్కోటి 100 బైట్లున్న కోటి రికార్డులు, అంటే 1 జీబీ. అవి మెమరీలోకి ఎక్కాక మెషీన్‌లో ఇంకా 500 ఎంబీ ఖాళీ ఉంది. మెర్జ్ సార్ట్ నేరుగా నడపలేం. ఒక స్నేహితురాలు, "రికార్డులను కదపొద్దు, 8 బైట్ల పాయింటర్లను మెర్జ్ సార్ట్ చేద్దాం" అంది. పాయింటర్లు, వాటి నకలు కలిపి ఎంత మెమరీ? ఆదా ఏమిటి? ప్రతి పోలికకూ పాయింటర్ పట్టుకుని మెమరీలో ఎక్కడికో వెళ్లి రావడం వల్ల కోల్పోయేదేమిటి?

ప్రశ్న 5. క్విక్‌సార్ట్ సగటున దాదాపు 1.39 n log2 n పోలికలు చేస్తుంది. మెర్జ్ సార్ట్ n log2 n దాటదు. అయినా మామూలు పూర్ణాంకాల అర్రేల మీద మంచి క్విక్‌సార్టే తరచుగా ముందు ముగుస్తుంది.

అ) పోలికలు ఎక్కువ చేసేది ముందు ఎలా ముగుస్తుంది? పోలికలు కాక ఇంకేం లెక్కపెట్టాలి?
ఆ) ఇప్పుడు పూర్ణాంకాల బదులు తెలుగు పేర్లు ఇచ్చాను. నిఘంటువు వరుసలో పెట్టాలి. వత్తులు, గుణింతాలు చూసుకుంటూ రెండు పేర్లను పోల్చడానికే చాలా పని. ఏది ఎంచుకుంటారు? 1.39 ఇక్కడ ఎందుకు బరువెక్కింది?
ఇ) జావాలో `Arrays.sort` కు `int[]` ఇస్తే క్విక్‌సార్ట్ రకం నడుస్తుంది. ఆబ్జెక్టుల అర్రే ఇస్తే మెర్జ్ సార్ట్ కుటుంబానికి చెందిన టిమ్‌సార్ట్ నడుస్తుంది. ఇలా విడగొట్టడానికి కనీసం రెండు కారణాలు రాయండి. ఒకటి (ఆ) నుంచి వస్తుంది. రెండోదానికి ఇది ఆలోచించండి: హాల్ టికెట్ నంబర్ల వరుసలో ఉన్న జాబితాను మార్కుల ప్రకారం మళ్లీ సార్ట్ చేశాం. ఒకే మార్కులు వచ్చినవాళ్లు పాత వరుసలోనే ఉండాలి. రెండు ఏడులు తారుమారైతే `int[]` లో ఎవరికైనా తెలుస్తుందా?

ప్రశ్న 6. టోనీ హోర్ క్విక్‌సార్ట్‌ను 1961లో ప్రచురించారు. డేవిడ్ ముస్సర్ 1997లో ఇంట్రోసార్ట్ ప్రతిపాదించారు: క్విక్‌సార్ట్‌తో మొదలుపెట్టు, లోతు ఒక హద్దు దాటితే హీప్‌సార్ట్‌కు మారు. ఎటూ హీప్‌సార్ట్‌కు O(n log n) హామీ ఉన్నప్పుడు మొదటి నుంచీ అదే వాడొచ్చు కదా? ఆ లోతు హద్దును మరీ తక్కువ పెడితే ఏమవుతుంది, మరీ ఎక్కువ పెడితే ఏమవుతుంది? నాలుగైదు వాక్యాలు చాలు.

ప్రశ్న 7. మీ నోట్సు తెరిచి, మంగళవారం నేను చెప్పిన వాక్యాల్లో ఈ షీట్‌లో రానిది ఒకటి ఎంచుకోండి. దాని మీద మీరే ఒక ప్రశ్న తయారుచేయండి. ఒక్కటే షరతు: కోడ్‌ను పూర్తిగా బట్టీ పట్టినవాళ్లు కూడా దానికి నేరుగా జవాబు రాయలేకపోవాలి, కోడ్‌ను కళ్లతో చూడకపోయినా ఖర్చుల గురించి ఆలోచించినవాళ్లు రాయగలగాలి. ప్రశ్నతో పాటు జవాబూ, ఆ జవాబు తిరగబడే ఒక ఇన్‌పుటూ రాయండి. శనివారం మీ ప్రశ్నను పక్క జంటకు ఇస్తాను, వాళ్ల ప్రశ్న మీకు వస్తుంది.