స్టాఫ్ నర్సుల డ్యూటీ రోస్టర్ మార్పు: జూన్ 1 నుంచి అమలు, అభ్యంతరాలకు గడువు మే 18

నర్సింగ్ సూపరింటెండెంట్ కార్యాలయం
తేదీ: 11 మే 2026, సోమవారం
ఎవరికి: మెడికల్, సర్జికల్, పిల్లల వార్డులు, ఐసీయూ, లేబర్ రూమ్, క్యాజువాలిటీలో పనిచేసే స్టాఫ్ నర్సులు, వార్డు ఇన్‌ఛార్జ్‌లు

సిస్టర్స్, బ్రదర్స్ అందరికీ,

జూన్ 1, సోమవారం ఉదయం నుంచి పైన చెప్పిన విభాగాల్లో షిఫ్టు వేళలు, డ్యూటీల వరస మారుతున్నాయి. మీ వార్డు డ్రాఫ్ట్ రోస్టర్ ఈ రోజే నర్సింగ్ స్టేషన్ బోర్డు మీద పెట్టాం. దానిలో మీ పేరు, తేదీలు చూసుకోండి. ఇబ్బంది ఉంటే మే 18, సోమవారం సాయంత్రం 4 గంటల లోపు రాతపూర్వకంగా తెలియజేయండి. ఆపరేషన్ థియేటర్, డయాలసిస్, ఓపీ వాళ్లకు ఈ నోటీసు వర్తించదు. వాళ్ల డ్యూటీలు ఇప్పుడున్నట్టే ఉంటాయి.

ఏం మారుతోంది

ఇప్పటివరకు మార్నింగ్ 8 నుంచి 2, ఈవెనింగ్ 2 నుంచి 8, నైట్ 8 నుంచి మర్నాడు ఉదయం 8. కాగితం మీద ఒక షిఫ్టు ముగిసిన నిమిషానికే ఇంకోటి మొదలవుతుంది. హ్యాండోవర్‌కి అందులో చోటే లేదు. దిగిపోయే సిస్టర్ ఇరవై నిమిషాలో అరగంటో అదనంగా ఉండి పేషెంట్లను అప్పజెప్పి వెళ్తోంది, ఆ సమయం ఎక్కడా లెక్కకు రావడం లేదు. తొందరున్న రోజు డెస్క్ దగ్గర నిలబడే నాలుగు ముక్కలు చెప్పి వెళ్లిపోవడమూ జరుగుతోంది.

కొత్త వేళలు ఇవి:
మార్నింగ్: ఉదయం 7.30 నుంచి మధ్యాహ్నం 2.00
ఈవెనింగ్: మధ్యాహ్నం 1.30 నుంచి రాత్రి 8.00
నైట్: రాత్రి 7.30 నుంచి మర్నాడు ఉదయం 8.00

రెండు షిఫ్టులు కలిసే ఆ అరగంట హ్యాండోవర్‌కే. పేషెంట్ మంచం పక్కన నిలబడి, కేస్ షీట్ చేతిలో పెట్టుకుని అప్పజెప్పాలి. ఐవీ లైన్ ఏ చేతికి ఉంది, ఎప్పుడు వేశారు, డ్రెయిన్‌లో ఎంత వచ్చింది, రాత్రి ఇవ్వాల్సిన యాంటీబయోటిక్ ఇచ్చారా లేదా, ఏ రిపోర్ట్ రావాల్సి ఉంది అన్నవి వచ్చే సిస్టర్ కళ్లతో చూసి తీసుకోవాలి. మార్ఫిన్, ఫెంటానిల్ లాంటి తాళం వేసి ఉంచే మందుల లెక్క ఇద్దరూ కలిసి సరిచూసి, రిజిస్టర్‌లో ఇద్దరూ సంతకం పెట్టాలి. క్రాష్ కార్ట్ చెకింగ్ కూడా ఈ అరగంటలోనే అయిపోవాలి. ఈ అరగంట డ్యూటీ గంటల్లోకే వస్తుంది.

ఇక నైట్ల సంగతి. ఇప్పుడు వరసగా ఆరు నైట్లు పడుతున్నాయి, అంటే ఆ ఒక్క వారంలోనే 72 గంటలు. ఐదో రాత్రి తెల్లవారుజామున ఇన్సులిన్ డోసు లోడ్ చేసేటప్పుడు మన కళ్లు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక మీదట వరసగా మూడు నైట్లే. వరస పద్నాలుగు రోజులది: మార్నింగ్ 5, ఆఫ్ 1, ఈవెనింగ్ 3, నైట్ 3, ఆఫ్ 2. మళ్లీ మొదటి నుంచి. పద్నాలుగు రోజులకు 89.5 గంటలు, సగటున వారానికి 45 గంటల లోపే.

నైట్ తర్వాత ఇచ్చే రెండు ఆఫ్‌లలో మొదటిది నిద్రకే సరిపోతుందని తెలుసు. అందుకే రెండు పెట్టాం. ఆఖరి నైట్ దిగిన ఉదయం 8 నుంచి మళ్లీ మార్నింగ్ ఎక్కే వరకు 47 గంటలకు పైగా ఉంటుంది. ఆ మధ్యలో ఎవరినీ డ్యూటీకి పిలవకూడదని ఇన్‌ఛార్జ్‌లకు విడిగా చెప్పాం.

పద్నాలుగు మంది ఉన్న వార్డులో ఏ రోజు చూసినా మార్నింగ్‌లో ఐదుగురు, ఈవెనింగ్‌లో ముగ్గురు, నైట్‌లో ముగ్గురు, ఆఫ్‌లో ముగ్గురు ఉంటారు. ఈవెనింగ్‌కి ముగ్గురు చాలరని సర్జికల్ వార్డు ఇన్‌ఛార్జ్ ముందే అన్నారు. ఆ మాటలో నిజముంది. అక్కడ ఆపరేషన్ రోజుల్లో మధ్యాహ్నం 1.30 నుంచి ఒక రిలీవర్‌ని పంపుతాం. సిబ్బంది తక్కువున్న లేబర్ రూమ్‌కి వరస కొంచెం వేరుగా ఉంది, అక్కడి బోర్డు మీదున్నదే చూసుకోండి.

ఏడో నెల నిండిన గర్భిణులకు, ఏడాది లోపు పసిబిడ్డ ఉన్న తల్లులకు నైట్లు ఉండవు. ఈ మినహాయింపు అడిగి తెచ్చుకోవాల్సిన పని లేదు, రోస్టర్‌లోనే వేశాం. ఎవరి పేరైనా తప్పిపోతే ఆఫీసుకి ఒక్క మాట చెప్పండి, అభ్యంతర పత్రం అక్కర్లేదు.

మారే రోజు

మే 31, ఆదివారం నైట్ పాత వేళ ప్రకారం రాత్రి 8 గంటలకే మొదలవుతుంది. జూన్ 1 మార్నింగ్ వాళ్లు మాత్రం 7.30కే రావాలి, అప్పటి నుంచి అన్నీ కొత్త వేళలే. 31 నైట్ చేసినవాళ్లకు జూన్ 1, 2 ఆఫ్. మంజూరైన సెలవులు దేనికీ ఇబ్బంది లేదు, యథాతథం. జూన్ 1 తర్వాతి తేదీలకు ఇప్పటికే ఒప్పుకున్న స్వాప్‌లు మాత్రం రద్దవుతాయి, ఎందుకంటే ఆ డ్యూటీలే ఇప్పుడు లేవు. కావాల్సినవాళ్లు తుది రోస్టర్ వచ్చాక మళ్లీ ఫారం ఇవ్వాలి. ఈవెనింగ్ వాళ్లను దింపే వ్యాన్ రాత్రి 8.15కి బయల్దేరుతుంది, నైట్ వాళ్లను తెచ్చే ట్రిప్ అరగంట ముందుకు జరుపుతున్నాం.

స్వాప్ నియమాలు

దీని మీద కాస్త వివరంగా రాయాల్సి వస్తోంది. గత నెలలో ఒక వార్డులో రాత్రి 10.30 వరకు ఒక్క సిస్టరే ఉంది. ఇద్దరు ఫోన్‌లో స్వాప్ మాట్లాడుకున్నారు, ఏ తేదీ అన్నది ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా అనుకున్నారు. ఇద్దరిదీ దురుద్దేశం కాదు. కానీ రిజిస్టర్‌లో ఏమీ లేదు, ఎవరిని పిలవాలో సూపర్‌వైజర్‌కి తెలియలేదు. కొన్ని వార్డుల రోస్టర్ కాగితం మీద వైట్‌నర్ పూసి పేర్లు మార్చడం కూడా చూశాను. అది ఇక ఒప్పుకోం.

స్వాప్ కావాలంటే ఫారం మీద ఇద్దరూ సంతకం పెట్టి, డ్యూటీకి 48 గంటల ముందు ఇన్‌ఛార్జ్‌కి ఇవ్వాలి. నైట్ డ్యూటీ అయితే 72 గంటల ముందు. ఇన్‌ఛార్జ్ సంతకం పెట్టి, రోస్టర్ రిజిస్టర్‌లో ఎక్కించాకే అది స్వాప్. వాట్సాప్‌లో "సరే అక్కా" అన్నంత మాత్రాన కాదు. ఇన్‌ఛార్జ్ సంతకం పడేవరకు రోస్టర్‌లో ఎవరి పేరుందో ఆ డ్యూటీ వాళ్లదే, రాకపోతే గైర్హాజరు కూడా వాళ్లకే పడుతుంది. సంతకం పడ్డాక మాత్రం బాధ్యత పూర్తిగా ఒప్పుకున్నవాళ్లది.

స్వాప్ ఇద్దరి మధ్యే, ఒకే వార్డులో, ఒకే స్థాయి వాళ్ల మధ్యే. ముగ్గురు నలుగురు గొలుసుగా మార్చుకోవడం కుదరదు. ఐసీయూలో వెంటిలేటర్ పేషెంట్లను చూసుకునే శిక్షణ ఉన్నవాళ్లు ఆ శిక్షణ ఉన్నవాళ్లతోనే మార్చుకోవాలి. స్వాప్ తర్వాత ఏ షిఫ్టులోనైనా కనీసం రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఒకరు ఉండాలి, అందరూ కొత్తవాళ్లయ్యేలా ఉంటే ఇన్‌ఛార్జ్ కాదనవచ్చు.

రెండు డ్యూటీల మధ్య 11 గంటల విశ్రాంతి తప్పనిసరి. ఈవెనింగ్ దిగి మర్నాడు మార్నింగ్ ఎక్కితే పదకొండున్నర గంటలుంటుంది, పర్వాలేదు. మార్నింగ్ చేసి అదే రాత్రి నైట్‌కి వస్తే మధ్యలో ఐదున్నర గంటలే, కుదరదు. నైట్ దిగి అదే మధ్యాహ్నం ఈవెనింగ్ చేయడమూ అంతే. ఇద్దరూ ఇష్టపడి ఒప్పుకున్నా సరే, ఈ ఒక్క నియమంలో ఇన్‌ఛార్జ్‌కీ నాకూ సడలించే అధికారం లేదు. స్వాప్ వల్ల వరసగా నాలుగు నైట్లు దాటకూడదు, ఆఫ్ లేకుండా ఆరు రోజులు దాటకూడదు.

పద్నాలుగు రోజుల వరసలో ఒకరికి రెండు స్వాప్‌లు. తీసుకున్న డ్యూటీ ఆ వరసలోనే తిరిగి చేసిపెట్టాలి, వచ్చే నెలకి అప్పు పెట్టకూడదు. డబ్బులిచ్చి డ్యూటీ చేయించుకోవడం స్వాప్ కిందికి రాదు, తెలిస్తే ఇద్దరి మీదా చర్య ఉంటుంది. జూనియర్లను మొహమాటపెట్టి నైట్లు అంటగట్టడం గురించి కూడా నా దగ్గరికి మాటలు వచ్చాయి. ఇష్టం లేని స్వాప్‌కి "వద్దు" అనడానికి ఎవరూ కారణం చెప్పాల్సిన పని లేదు.

ఇంట్లో మరణం, బిడ్డకు ఉన్నట్టుండి జబ్బు, ప్రమాదం లాంటివి వస్తే ఈ గడువులేమీ చూడొద్దు. డ్యూటీ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేయండి, మనిషిని చూసే బాధ్యత వాళ్లది. కాగితం తిరిగి వచ్చాక రాయవచ్చు. మీకే ఒంట్లో బాగోలేకపోతే అది సిక్ లీవ్, స్వాప్ వెతుక్కోవాల్సిన అవసరం లేదు.

అభ్యంతరాలు

గడువు మే 18, సోమవారం సాయంత్రం 4 గంటలు. నర్సింగ్ ఆఫీసులో ఇచ్చి, తేదీ వేసిన నకలు తీసుకోండి. నైట్‌లో ఉన్నవాళ్లు పగలు దీని కోసం రానక్కర్లేదు, నైట్ సూపర్‌వైజర్‌కి ఇచ్చినా చెల్లుతుంది. సెలవులో ఉన్నవాళ్లు గడువు లోపు ఇన్‌ఛార్జ్‌కి మెసేజ్ పెడితే చాలు, వచ్చాక సంతకం చేయవచ్చు. ఇక్కడ మాత్రం మెసేజ్‌ని ఒప్పుకుంటున్నాం.

పేరు, ఉద్యోగి నంబరు, వార్డు, ఏ తేదీ ఏ షిఫ్టుతో ఇబ్బంది, ఎందుకు, బదులుగా ఏది కుదురుతుంది అన్నవి రాయండి. "ఈ రోస్టర్ బాగోలేదు" అని రాస్తే మేం మార్చగలిగింది ఏమీ ఉండదు. "మంగళవారం ఉదయాలు అమ్మను డయాలసిస్‌కి తీసుకెళ్లాలి, ఆ రోజు ఈవెనింగ్ ఇస్తే చేస్తాను" అని రాస్తే చూడగలం. నలుగురూ కలిసి ఒకే పత్రం ఇవ్వవచ్చు, కాకపోతే ప్రతి ఒక్కరి సంతకం ఉండాలి. పేరు లేని పత్రాలకు జవాబు ఇవ్వలేం.

ముందే ఒక మాట చెబుతున్నాను. షిఫ్టు వేళలు, మూడు నైట్ల పద్ధతి ఆగస్టు 31 వరకు మారవు. వాటి మీద వచ్చినవి దాచి ఉంచి, సెప్టెంబర్ మొదటి వారంలో జరిగే సమీక్షలో పెడతాం. మీ వరస ఏ రోజు నుంచి మొదలవ్వాలి, ఏ ఆఫ్ ఎక్కడ పడాలి, ఎవరితో కలిసి నైట్ చేయాలి అన్నవి మాత్రం ఇప్పుడే మార్చవచ్చు.

పత్రాలను ముగ్గురం చూస్తాం: నేను, మీది కాని వార్డు నుంచి ఒక ఇన్‌ఛార్జ్, స్టాఫ్ నర్సుల ప్రతినిధి. మే 21, గురువారం లోపు ప్రతి పత్రానికీ రాతపూర్వకంగా జవాబు వస్తుంది, కుదరదంటే ఎందుకు కుదరదో కూడా ఉంటుంది. జవాబుతో తృప్తి లేకపోతే మే 23, శనివారం మధ్యాహ్నం 12 లోపు మెడికల్ సూపరింటెండెంట్‌కి అప్పీలు చేసుకోవచ్చు. తుది రోస్టర్ మే 25, సోమవారం బోర్డు మీద ఉంటుంది, మర్నాటి నుంచి స్వాప్ ఫారాలు తీసుకుంటాం.

గడువు దాటాక వచ్చినవాటిలో, మే 18 తర్వాత కొత్తగా ఎదురైన పరిస్థితులు ఉన్నవే చూస్తాం. అభ్యంతరం చెప్పినందుకు ఎవరి పర్సనల్ ఫైల్‌లోనూ ఏమీ రాయం.

ఇన్‌ఛార్జ్‌లు ఈ నోటీసును మూడు షిఫ్టుల హ్యాండోవర్‌లోనూ చదివి వినిపించి, చూసినట్టు ప్రతి ఒక్కరి సంతకం తీసుకుని, మే 13, బుధవారం లోపు ఆ జాబితా ఆఫీసుకు పంపాలి. ఆ సంతకం చదివినట్టు మాత్రమే, రోస్టర్‌కి ఒప్పుకున్నట్టు కాదు.

సంతకం
నర్సింగ్ సూపరింటెండెంట్

నకళ్లు: మెడికల్ సూపరింటెండెంట్, వార్డు ఇన్‌ఛార్జ్‌లు, డ్యూటీ సూపర్‌వైజర్లు, స్టాఫ్ నర్సుల ప్రతినిధి, రవాణా విభాగం, నర్సింగ్ స్టేషన్ నోటీసు బోర్డులు